ప్రోడక్ట్ లాంచ్‌లో మా ఎండీ గారికంటే ముందు నాలుగు నిమిషాలు నేను మాట్లాడాలి. ఏం చెప్పాలి, ఎక్కడ ఆపాలి?

రమ్య_కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. మాది చిన్న కంపెనీ. ఆకుకూరలు, పూలు అమ్ముకునే వాళ్ళ కోసం ఒక చల్లపెట్టె చేశాం. ఫ్రిజ్ కాదు. గోడల్లో తడి మెత్తలు ఉంటాయి, చిన్న సోలార్ ఫ్యాను గాలిని వాటి గుండా లాగుతుంది, నీళ్ళు ఆవిరవుతుంటే లోపల చల్లబడుతుంది. ఏప్రిల్‌లో బంజారాహిల్స్‌లో ఒక హోటల్లో లాంచ్, పొద్దున పదకొండుకి. హాల్లో సగం మంది రైతుబజార్ల అమ్మకందార్లు, కొందరు డీలర్లు, మిగతా వాళ్ళు ప్రెస్. పెట్టెని చూపించేది, ధర చెప్పేది మా ఎండీ గారు. ఆయనకి ముందు నేను నాలుగు నిమిషాలు మాట్లాడి మైకు ఇవ్వాలి. స్టేజీ ఎక్కడం నాకు ఇదే మొదటిసారి, టెన్షన్‌గా ఉంది. రాసుకున్నది ఇది:

"అందరికీ శుభోదయం. వేదికను అలంకరించిన పెద్దలకు, పాత్రికేయ మిత్రులకు హృదయపూర్వక స్వాగతం. ఎన్నో ఏళ్ళ కృషి ఫలితంగా ఈరోజు మేము ఒక విప్లవాత్మక ఉత్పత్తిని మీ ముందుకు తెస్తున్నాం. కరెంటు లేకుండా ఏ కాలంలోనైనా కూరగాయలను తాజాగా ఉంచే, దేశంలోనే మొట్టమొదటి పెట్టె ఇది. దీని వెనుక ఉన్న మహనీయుడు మా ఎండీ గారు. ఆయన గురించి ఎంత చెప్పినా తక్కువే..."

ఇంకా రెండు పేజీలుంది. ఎట్లా ఉందో మొహమాటం లేకుండా చెప్పండి.

మైకు_మూర్తి
బాగుందమ్మా, కానీ ఊపు లేదు. ఇరవై ఏళ్ళుగా ఫంక్షన్లు చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా, మొదటి నిమిషంలో జనంతో చప్పట్లు కొట్టించకపోతే హాలు చల్లారిపోతుంది. "హైదరాబాద్, రెడీనా?" అని అడుగు, "వినపడలేదు" అని ఇంకోసారి అడుగు. ఎండీ గారి గురించి ఒక పద్యమో చిన్న కవితో పెట్టు. నాలుగు నిమిషాలు ఏం సరిపోతుంది, ఎనిమిది తీసుకో.

డెస్క్‌మీద_టీ
మూర్తిగారూ, మీరు చెప్పేది పెళ్ళి రిసెప్షన్‌కి పనికొస్తుంది. ఆ హాల్లో మూడో వరసలో కూర్చునే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మమ్మల్ని "రెడీనా" అని అడిగితే ఫోన్లు తీసి వాట్సాప్ చూసుకుంటాం. చప్పట్లు కొట్టడం మా పని కాదు, కొడితే పక్క పత్రిక వాడు నవ్వుతాడు.

రమ్యగారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి సూటిగా చెప్తా. మీ స్క్రిప్టులో నేను నోట్‌బుక్‌లో రాసుకోగలిగిన మాటలు రెండే. "దేశంలోనే మొట్టమొదటి", "ఏ కాలంలోనైనా". ఆ రెండూ మీకు ప్రమాదమే. ఆవిరితో చల్లబరిచే పెట్టెలు కొత్త సంగతి కాదు, ఎండాకాలం ఇంట్లో పెట్టుకునే ఎయిర్ కూలర్ చేసేది అదే పని. కాబట్టి మొదటి ప్రశ్న "దేన్ని బట్టి మొట్టమొదటిది?" అని వస్తుంది. అది మీకు రాదు, మీ ఎండీకి వస్తుంది. ఆయన తన మాట మొదలుపెట్టకముందే మీరు అనేసిన దానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి.

సాయి_ఎల్బీనగర్
నాదీ ఇదే కేసు బ్రో. నెక్స్ట్ మంత్ దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ ఓపెన్ చేస్తున్నా. యాంకర్‌ని పెట్టుకుంటే ఎంత అడుగుతారు? డీజే కూడా కావాలి. హోటల్ హాల్ రేటు ఎంత పడింది మీకు?

వేదిక_వెనక
సాయి తమ్ముడూ, నీది వేరే లెక్క. కర్రీ పాయింట్‌కి ప్రెస్ రాదు, ఆకలేసిన వాళ్ళొస్తారు, యాంకర్ డబ్బులు పప్పులో పెట్టుకో.

రమ్యా, నేను స్టేజీ వెనక హెడ్‌సెట్ పెట్టుకుని లైట్లు, మైకులు, వీడియోలకి క్యూలు చెప్పే మనిషిని. ముందు మాట్లాడేవాళ్ళు తడబడితే నాకు తెలిసిపోతుంది, ఎందుకంటే దాన్ని సర్దుకోవాల్సింది మేమే. ముఖ్యమైనది ఒకటే చెప్తా. నీ నాలుగు నిమిషాలు అయ్యేసరికి హాల్లో ప్రతివాడి మనసులో ఒకటే ప్రశ్న ఉండాలి, దానికి జవాబు మీ ఎండీ నోట వచ్చే మొదటి వాక్యం కావాలి. నీ చివరి వాక్యం, ఆయన మొదటి వాక్యం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాసుకోండి. విడివిడిగా రాసుకుంటే ఏమవుతుందో తెలుసా, నువ్వు స్వాగతం చెప్తావు, ఆయన వచ్చి మళ్ళీ "అందరికీ స్వాగతం" అంటాడు, నువ్వు పెద్దల పేర్లు చదువుతావు, ఆయనా చదువుతాడు. జనం పావుగంట అక్కడే ఇరుక్కుపోతారు.

ఇంకోటి, నీ స్క్రిప్టులో పెట్టె ఏం చేస్తుందో నువ్వే చెప్పేశావు. ఇక ఆయన చెప్పడానికి ధర తప్ప ఏముంది? నీ వంతులో పెట్టె పేరు, ధర, పనితీరు మూడూ రాకూడదు. నీ వంతు బాధ. బాధ అంటే ఏడిపించమని కాదు, ఆకుకూరలు అమ్మే మనిషికి మధ్యాహ్నం రెండింటికి ఏమవుతుందో అది.

డెస్క్‌మీద_టీ
దీనికి ఒక ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో నానో కారు చూపించినప్పుడు రతన్ టాటా చెప్పిన ముచ్చట. తండ్రి స్కూటర్ నడుపుతున్నాడు, ముందు ఒక పిల్లాడు నిలబడ్డాడు, వెనక భార్య చంకలో పసిబిడ్డ. ఇంజన్ ఎన్ని సీసీలన్నది మర్చిపోయినవాళ్ళకి కూడా ఆ స్కూటర్ గుర్తుంది. ఎందుకంటే హాల్లో ఉన్న ప్రతివాడూ దాన్ని రోడ్డు మీద చూసినవాడే, కొందరు దాని మీద కూర్చున్నవాళ్ళే.

మైకు_మూర్తి
మరి అది చెప్పింది టాటా గారే కదా, యాంకర్ కాదు కదా! అంత పెద్దాయన తనే చెప్పుకున్నాడంటే మధ్యలో ఈ అమ్మాయి ఎందుకు? ఆమెని ఊరికే స్వాగతం చెప్పి దిగిపోమనండి, కథ ఎండీయే చెప్తాడు.

వేదిక_వెనక
మూర్తన్నా, ఇది మంచి ప్రశ్నే. ఎండీకి ఆ ముచ్చట చెప్పే నేర్పుంటే ఆయనే చెప్పాలి, నేను కాదనను. కానీ నేను చూసినంతలో చిన్న కంపెనీల్లో పెట్టె తయారుచేసిన మనిషి పెట్టె దగ్గర నిలబడితేనే బాగా మాట్లాడతాడు. మెత్త గురించి, ఫ్యాను గురించి అడిగితే కళ్ళు మెరుస్తాయి, ఖాళీ స్టేజీ మీద నిలబెడితే కాగితం చూసి చదువుతాడు. అలాంటి వాళ్ళకి ముందొకరు నేల చదును చేసిపెట్టాలి. రమ్యా, మీ ఎండీ ఎట్లాంటాయన?

రమ్య_కూకట్‌పల్లి
మీరు చెప్పిన రెండో రకం 🙂 డెమోలో దుమ్ములేపుతారు, "గుడ్ మార్నింగ్" అనడానికి మాత్రం చెమటలు పడతాయి.

డెస్క్ గారూ, "ఏ కాలంలోనైనా" అన్నదాంట్లో ప్రమాదమేంటో నాకు అర్థం కాలేదు. మా టెస్టుల్లో బాగానే వచ్చింది.

డెస్క్‌మీద_టీ
టెస్టులు ఏ నెలలో చేశారు?

రమ్య_కూకట్‌పల్లి
ఫిబ్రవరి, మార్చి.

డెస్క్‌మీద_టీ
అదే. నీళ్ళు ఆవిరైతేనే కదా చల్లదనం, గాలి పొడిగా ఉంటేనే కదా ఆవిరయ్యేది. థర్మామీటర్ మొనకి తడిగుడ్డ చుట్టి గాలిలో పెడితే ఎంత చూపిస్తుందో మీ పెట్టె అంతకంటే కిందికి పోలేదు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే తడిగుడ్డ థర్మామీటర్ 23 దగ్గర ఆగుతుంది. ఆకుకూరకి అది పండగే. అదే ఆగస్టులో ముసురు పట్టి 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 27 దగ్గరే ఆగిపోతుంది. మూడు డిగ్రీల కోసం ఎవడు కొంటాడు? సైన్స్ చదివిన రిపోర్టర్ ఒక్కడున్నా ఇది అడుగుతాడు. ఎవరూ అడక్కపోతే నేనే అడుగుతా, మనసులో పెట్టుకోకండి.

మైకు_మూర్తి
స్టేజీ మీద అన్న మాటకి ఇంత లెక్కా? అది ప్రకటన కాదు కదా, పేపర్లో వేసింది కాదు, టీవీలో వచ్చింది కాదు. ఉత్సాహంలో నాలుగు మాటలు ఎక్కువంటే ఎవరూ కేసు పెట్టరమ్మా.

వేదిక_వెనక
అన్నా, సగం నిజం. మాట గాలిలో పోతే ఎవరూ పట్టించుకోరు. కానీ ఎదురుగా కెమెరాలున్నాయి, కంపెనీ వాళ్ళే ఆ వీడియో కోసి యూట్యూబ్‌లో పెడతారు, డీలరు దాన్నే షాపులో టీవీలో తిప్పుతాడు. అప్పుడది ప్రచారమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకి తయారీదారు మీద 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకిచ్చింది. రమ్యని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ రెండు మాటలు తీసేస్తే స్క్రిప్టులో పోయేదేమీ లేదు, అందుకని చెప్తున్నా.

పద్మ_మలక్‌పేట
నేను డీలర్‌ని, ఇట్లాంటి లాంచ్‌లకి పిలిస్తే పోతుంటా. మా గురించి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను చెప్తా. అమ్మకందార్లు పొద్దున పదకొండుకి హోటల్‌కి వచ్చారంటే ఆ రోజు బేరం వదులుకుని వచ్చారన్నట్టు. ప్రెస్ వాళ్ళకి ముందు వరసలో బాటిళ్ళు, ఫైళ్ళు ఇచ్చి వీళ్ళని వెనక కూర్చోబెడితే, స్టేజీ మీద "మా ప్రియమైన కస్టమర్లు" అని ఎంత తియ్యగా అన్నా వాళ్ళకి అర్థమైపోతుంది. రమ్యమ్మా, నువ్వు చెప్పే కథ వాళ్ళదే కదా, వాళ్ళ మొహాలు చూసి చెప్పు. తప్పు చెప్తే అక్కడే తల అడ్డంగా ఊపుతారు, అది కెమెరాలో పడుతుంది.

రమ్య_కూకట్‌పల్లి
పద్మక్కా, ఇది నాకు తట్టనే లేదు. నిన్న ఎర్రగడ్డ రైతుబజార్‌కి పోయి ఆకుకూరలమ్మే ఒకావిడ పక్కన కూర్చున్నా. చూసింది, విన్నది పెట్టి మళ్ళీ రాశా:

"నమస్కారం. మీలో చాలామంది ఈరోజు బేరం ఆపుకుని వచ్చారు, అందుకే టైమ్ వృథా చెయ్యను.

పొద్దున ఆరింటికి పాలకూర కట్ట పది రూపాయలు. పదింటికి మొదటిసారి నీళ్ళు చల్లుతారు. పన్నెండుకి కట్టలు తిరగేస్తారు, వాడిన ఆకు కిందికి పోవాలి కదా. రెండింటికి అదే పది రూపాయలకి మూడు కట్టలు. సాయంత్రం మిగిలింది ఇంటికి తీసుకుపోతే ఆటో ఖర్చు దండగ, అక్కడే ఆవులకి వేసి పోతారు. మీలో ఎవరికైనా ఇది కాక వేరేగా జరుగుతుంటే చెయ్యెత్తండి."

ఇక్కడ ఆగి నిజంగానే చూస్తాను. ఆ తర్వాత ఎండీ గారి పేరు చెప్పి పిలుద్దామనుకుంటున్నా. కానీ చివర్లో ఏదో అతకలేదు అనిపిస్తోంది.

డెస్క్‌మీద_టీ
ఇది నేను రాసుకుంటా. కట్టలు తిరగేయడం దగ్గర పెన్ను తీస్తా. ఒక్క మాట, ఆ ధరలు ఏప్రిల్‌లో మారతాయి, ముందు రోజు మళ్ళీ అడిగి సరిచూసుకోండి. చెయ్యెత్తమనడం మంచిదే, కానీ ఎవరైనా ఎత్తితే?

పద్మ_మలక్‌పేట
ఎత్తితే మైకు వాళ్ళకిచ్చి రెండు మాటలు విను. చాలామంది ఎత్తరు, ఎత్తినవాళ్ళు చెప్పేది నీకు పనికొచ్చేదే ఉంటుంది. "మాది పొద్దున తొమ్మిదికే అయిపోతుంది" అన్నారనుకో, వాళ్ళు నీ పెట్టె కొనేవాళ్ళు కాదు, అంతే.

వేదిక_వెనక
అతకనిది ఎందుకో చెప్తా. బాధ చెప్పి వెంటనే "ఇప్పుడు మా ఎండీ గారు" అన్నావు. మధ్యలో చేతిలోంచి చేతికి అందేది ఏదో ఉండాలి. నాకు తోచింది ఇది.

ముందు రోజు పొద్దున ఒకే అమ్మకందారు దగ్గర, ఒకే మడిలోంచి వచ్చిన పాలకూర రెండు కట్టలు కొను. రెండింటికీ ఆవిడ చేతనే రంగు దారం కట్టించి, ముడి మీద కాగితం చీటీ అంటించి వేలిముద్రో సంతకమో పెట్టించు, ఫోన్లో వీడియో తియ్యి. ఒకటి పెట్టెలో పెట్టు. రెండోది బయట మామూలుగా బుట్టలో ఉంచి ఆవిడ రోజూ చల్లినట్టే నీళ్ళు చల్లు. కావాలని ఎండలో పడేసి చంపితే అది మోసం. లాంచ్ రోజు వాడిన కట్ట నీ చేతిలో ఉంటుంది. చివరి మాట ఇట్లా:

"ఈ కట్ట నిన్న పొద్దున ఎర్రగడ్డలో కొన్నాం. దారం కట్టిన ఆవిడ రెండో వరసలో ఉన్నారు. దీంతోపాటు అదే దారం కట్టిన ఇంకో కట్ట కొన్నాం. అదెక్కడుందో..." అని ఆపి, ఎండీ గారి పేరు చెప్పి దిగిపో. పేరు తర్వాత ఒక్క మాట కూడా ఉండకూడదు. ఆయన ఏమీ మాట్లాడకుండా పెట్టె తలుపు తీస్తాడు.

చప్పట్లు కావాలన్న మూర్తన్నకి అవి అక్కడ దొరుకుతాయి.

మైకు_మూర్తి
ఇది బాగుంది, ఒప్పుకుంటా. అయితే ఎండీకి చిన్న పొగడ్తన్నా లేకపోతే ఆయనకి బాధనిపించదూ?

వేదిక_వెనక
తలుపు తీయడం కంటే పెద్ద పొగడ్త ఏముంటుందన్నా.

సాంకేతికంగా మాత్రం ఇవి చూసుకో రమ్యా. నీకు చేతిమైకు, ఆయనకి కాలర్ మైకు. నువ్వు "అదెక్కడుందో" అనగానే కన్సోల్ మనిషి ఆయన మైకు తెరవాలి, కాబట్టి ఆ మాట స్క్రిప్టులో ఉన్నది ఉన్నట్టు అనాలి, స్టేజీ మీద అందంగా మార్చకు. అతని దగ్గర నీ చివరి మూడు వాక్యాల కాపీ ఉండాలి. ఆయన ఒక వైపునుంచి వస్తే నువ్వు ఇంకో వైపు దిగు, ఇద్దరూ మధ్యలో కరచాలనం చేసుకుంటూ నిలబడితే పెట్టె కెమెరాకి కనపడదు. చదివేటప్పుడు ఫోన్లో టైమర్ పెట్టి గట్టిగా చదువు. తెలుగులో నిమిషానికి వంద మాటలు దాటితే వెనక వరసకి అర్థం కాదు, అంటే నాలుగు నిమిషాలకి నాలుగొందలే. నీది అంతకంటే చాలా తక్కువుంది, పెంచకు.

డెస్క్‌మీద_టీ
పెట్టె తలుపు తీశాక లోపలి కట్ట కూడా వాడిపోయి ఉంటే?

వేదిక_వెనక
స్టేజీ మీద తెలిసే విషయం కాకూడదది. పొద్దున తొమ్మిదింటికి ఇద్దరు మనుషుల ముందు తెరిచి చూసుకోవాలి. బాగాలేకపోతే ఈ కట్టల ముచ్చట మొత్తం తీసేసి, తలుపు తీయడం లేకుండా మాటలతోనే కానివ్వండి. కొత్త కట్ట కొనుక్కొచ్చి పాత దారం కట్టే ఆలోచన ఎవరైనా చెప్తే వినకండి. హోటల్ కిచెన్ కుర్రాడు ఒక్కడు చూసినా చాలు.

ఇంకోటి, హోటల్ హాలు ఏసీ. గాలి చల్లగా ఉంటుంది, జనంతో నిండితే తేమ కూడా పెరుగుతుంది. పెట్టెని రాత్రంతా అక్కడ పెట్టకు, అక్కడి గాలిలో అది చేసే పని తక్కువ. ఎక్కడ వాడతారో అక్కడ, బయట నీడలో ఉంచి పొద్దున తెచ్చి పెట్టండి.

రమ్య_కూకట్‌పల్లి
అయితే ఆగస్టు సంగతి నేనే ముందే చెప్పేయాలా? "వానాకాలంలో తక్కువ పనిచేస్తుంది" అని?

డెస్క్‌మీద_టీ
మీరు చెప్పొద్దు. మీ కథ ఏప్రిల్ మధ్యాహ్నం గురించి, అక్కడే ఉండండి. ఎండీ తన మాటలో తనే చెప్తే నేను దాన్ని నిజాయితీగా రాస్తా. నేను అడిగాక చెప్తే హెడ్డింగు వేరుగా ఉంటుంది.

పద్మ_మలక్‌పేట
నేను ఒప్పుకోను. కొనేది అక్కడే కూర్చున్న వాళ్ళు. వానాకాలం సంగతి మొదట్లోనే తెలిస్తే ఆర్డర్ ఇవ్వాలో వద్దో వాళ్ళు తేల్చుకుంటారు. పేపర్లో ఏం వస్తుందన్నది రెండో సంగతి. రేపు ఆగస్టులో తిట్లు పడేది నాలాంటి డీలర్‌కి, మీ ఎండీకి కాదు.

డెస్క్‌మీద_టీ
పద్మగారూ, ఆర్డర్ ఫారం ఇచ్చేలోపు చెప్తే చాలు కదా. మొదటి నాలుగు నిమిషాల్లోనే ఎందుకు?

పద్మ_మలక్‌పేట
ఫారం నింపేటప్పుడు ఎవరు వింటారు సారూ, అప్పటికి బిర్యానీ వాసనొస్తుంటుంది.

రమ్య_కూకట్‌పల్లి
దీని మీద ఎండీ గారితో మాట్లాడతా, నాకూ పద్మక్క చెప్పిందే న్యాయం అనిపిస్తోంది కానీ నిర్ణయం ఆయనది.

కొత్త చిక్కొకటి వచ్చింది. ముఖ్య అతిథి వస్తున్నారు. జ్యోతి ప్రజ్వలన, శాలువా అన్నీ ఉన్నాయి. మా పెద్దసార్ వాటిని నా మాటల తర్వాత, ఎండీ గారికి ముందు పెట్టమంటున్నారు. "అమ్మాయి స్వాగతం చెప్పాక దీపం వెలిగించడం పద్ధతి" అంటున్నారు.

మైకు_మూర్తి
పద్ధతి అదే మరి. పెద్దాయన తప్పేమీ అనలేదు.

వేదిక_వెనక
పద్ధతి సరే, కానీ నువ్వు వాడిన కట్ట చేతిలో పట్టుకుని "అదెక్కడుందో" అన్నాక ఎనిమిది మంది స్టేజీ ఎక్కి అగ్గిపుల్ల కోసం వెతికితే ఏం మిగులుతుంది? ఏసీ గాలికి ఒత్తులు ఆరిపోతుంటాయి, మూడుసార్లు వెలిగిస్తారు. దీపం, శాలువా అన్నీ మొట్టమొదట పెట్టమను. దానికి రెండు వాక్యాల స్వాగతం వేరే ఎవరైనా చెప్తారు, పెద్దసార్‌కే ఇవ్వు, సంతోషిస్తారు. అవన్నీ అయిపోయి అతిథులు కిందికి దిగి కుర్చీల్లో కూర్చున్నాకే నువ్వు ఎక్కు. స్టేజీ మీద పెట్టె, నువ్వు, అంతే.

రమ్య_కూకట్‌పల్లి
అతిథి లేటుగా వస్తే?

వేదిక_వెనక
అదే నాకూ ఇప్పటికీ తేలని లెక్క. నేనైతే ప్రోగ్రాం మొదలుపెట్టేసి, ఆయన వచ్చినప్పుడు డెమో అయ్యాక దీపం పెట్టిస్తా. కానీ డెమో మధ్యలో తలుపు తెరుచుకుని మందీమార్బలంతో వస్తే కెమెరాలన్నీ అటు తిరుగుతాయి. మీ ఆఫీసునుంచి ఒక మనిషిని లాబీలో నిలబెట్టి, ఐదు నిమిషాలు కాఫీ ఇచ్చి ఆపమని చెప్పడం తప్ప నాకు వేరే దారి తెలీదు.

డెస్క్‌మీద_టీ
ఆయన కోసం మమ్మల్ని ఆపకండి. పదకొండు అని వేసి పన్నెండుకి మొదలుపెడితే టీవీ వాళ్ళు పెట్టె ఫొటో తీసుకుని ఇంకో ప్రోగ్రాంకి పోతారు. ప్రెస్‌నోట్ మాత్రం తలుపు తీశాకే పంచండి, ముందే ఇస్తే ధర ఆ క్షణమే గ్రూపుల్లో తిరుగుతుంది.

మైకు_మూర్తి
ముందే ఇవ్వకపోతే సగం మంది నోట్ తీసుకోకుండానే పోతారు సార్, నేను చూశాను.

డెస్క్‌మీద_టీ
పోయేవాళ్ళకి తలుపు దగ్గర చేతికివ్వండి. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఎండీ పేరు రెండింట్లోనూ ఒకేలా ఉండాలి, మాకు వచ్చే సగం ఫోన్లు దాని గురించే.

సాయి_ఎల్బీనగర్
అక్కా ఆ వాడిన పాలకూర కట్టలు ఉంటే మా కర్రీ పాయింట్‌కి పంపు, పప్పులో వేస్తాం 😀 సీరియస్‌గా అడుగుతున్నా, ఆ పెట్టె రేటెంత?

రమ్య_కూకట్‌పల్లి
ఏప్రిల్‌లో ఎండీ గారు చెప్తారు సాయి.